గది తిరిగిందా? గుండెల్లో గుబులా?

ఫిట్‌నెస్ పరీక్ష తేదీ ఖరారైందని ఫోన్ వచ్చింది. నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయినప్పటి నుంచి ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్న ఫోన్ అది. ఎగిరి గంతేయాల్సిన మీరు మంచం అంచున కూలబడ్డారు. తల తేలిపోతోంది. కాళ్ల కింద నేల మెత్తబడినట్టుంది. ‘రేపు బాయిలోకి దిగాక ఇట్లయితే ఎట్లా? కళ్లు తిరుగుతాయని తెలిస్తే అసలు ఉద్యోగం ఇస్తారా?’ ఆ ఆలోచన రాగానే తల ఇంకాస్త తేలిపోతుంది.

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో కారుణ్య నియామకం కోసం చూస్తున్నవాళ్లలో, కొత్తగా బదిలీ వర్కర్‌గా చేరినవాళ్లలో ఈ అనుభవం ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. బయటికి మాత్రం చెప్పరు. చెప్పినా ‘చెవి లోపల ఏదో తేడా ఉంటదట, వర్టిగోనేమో’ అని పక్కవాళ్లు భయపెడతారు. లేదంటే ‘ఏం లేదురా, ఉత్త టెన్షన్’ అని కొట్టిపారేస్తారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తెలుసుకోవడానికి కొన్ని తేలికైన ఆనవాళ్లున్నాయి. వాటిని ఒకే ఇంట్లోని ఇద్దరి కథతో చూద్దాం. ఇల్లు కల్పితమే అయినా, అందులో కనిపించే లక్షణాలు డాక్టర్లు రోజూ చూసేవే.

యైటింక్లయిన్ కాలనీలో ఒక కంపెనీ క్వార్టర్. కొడుకుకు 26 ఏళ్లు, ఫిట్‌నెస్ పరీక్షకు పిలుపు కోసం చూస్తున్నాడు. తల్లికి 54. తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం మోగితే ఆపడానికి ఆమె కుడివైపు ఒత్తిగిల్లింది. రెండు మూడు సెకన్లు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా పైన ఫ్యాను, గోడ, కిటికీ అన్నీ గిర్రున తిరిగాయి. “బిడ్డా, కండ్లు తిరుగుతున్నయ్ రా, పట్టుకో!” అని అరిచింది. కొడుకు పరుగెత్తుకొచ్చేసరికి ఆ తిరుగుడు ఆగిపోయింది. వాంతి వచ్చేలా మాత్రం ఉంది. షుగర్ డౌనైందనుకుని చక్కెర నీళ్లు తాగించారు. మర్నాడు అదే వేళకు మళ్లీ అదే జరిగింది.

కొడుకు తనకొచ్చేదాన్ని కూడా ‘కండ్లు తిరుగుడు’ అనే అంటాడు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సోయి తప్పబోయినా, నీరసంతో కళ్ల ముందు చీకట్లు కమ్మినా, గది గిర్రున తిరిగినా, నడకలో తూలినా మనం అనేది ఒక్కటే మాట, కళ్లు తిరుగుతున్నాయని. ఇంగ్లిష్‌లో ‘వర్టిగో’ అంటే మనమో, మన చుట్టూ ఉన్నవో కదలకుండానే కదులుతున్నట్టు, ముఖ్యంగా గుండ్రంగా తిరుగుతున్నట్టు అనిపించడం. (ఎత్తుకు భయపడటాన్ని కూడా కొందరు వర్టిగో అంటారు. హిచ్‌కాక్ 1958లో అదే పేరుతో సినిమా తీశాక ఆ పొరపాటు మరింత పాతుకుపోయింది. ఎత్తంటే భయం వేరు, ఇది వేరు.)

ఎలా ఉందని కాదు, ఎప్పుడొచ్చిందని

డాక్టరు దగ్గరికి వెళ్లగానే మనం ‘ఎలా ఉంది’ అన్నది వర్ణించడం మొదలుపెడతాం. కానీ ఒకే మనిషి పొద్దున ‘తిరిగింది’ అంటాడు, సాయంత్రం ‘తూలినట్టుంది’ అంటాడు. కాబట్టి మాటను బట్టి జబ్బు తేల్చడం కుదరదు. అంతకన్నా గట్టి ఆధారం రెండు ప్రశ్నల్లో దొరుకుతుంది. ఏం చేస్తుంటే వచ్చింది? ఎంతసేపు ఉంది? అందుకే ఆ కొడుకు ఒక పాత నోట్‌బుక్‌లో వారం రోజులపాటు ఇద్దరివీ రాశాడు.

తన పేజీలో ఇలా ఉంది. సోమవారం: పరీక్ష గురించి ఫోన్ వచ్చింది, కూర్చునే ఉన్నా, పావుగంట తల తేలింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. బుధవారం: లక్ష్మీనగర్‌లో బట్టల షాపు, జనం ఎక్కువ, లైట్లు, పడిపోతాననిపించి బయటికొచ్చా, ఫ్రెండ్‌తో మాట్లాడుతుంటే ఎప్పుడు తగ్గిందో తెలీదు. శుక్రవారం: గ్రౌండ్‌లో రెండు గంటలు క్రికెట్, ఏమీ కాలేదు.

అమ్మ పేజీలో ఇలా ఉంది. రోజూ పొద్దున కుడివైపు తిరిగినప్పుడు, అర నిమిషం. గురువారం: అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినప్పుడు, అర నిమిషం. ఎడమవైపు తిరిగితే ఏమీ లేదు. కదలకుండా కూర్చుంటే ఏమీ లేదు.

ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం సమాధానం దొరికినట్టే. క్రికెట్ రోజు సంగతి చూడండి. బంతి కోసం వంగాడు, తలెత్తి క్యాచ్ పట్టాడు, గిరుక్కున తిరిగి త్రో వేశాడు. తల కదిలితే చాలు గొడవ చేసే చెవి జబ్బు ఉన్నవాడికి ఆ రెండు గంటలు అంత సాఫీగా గడవవు. అతడికి తల కదలికతో సంబంధం లేదు, మనసులో ఏం నడుస్తోందన్న దానితోనే సంబంధం. అమ్మది సరిగ్గా తలకిందులు. ఆమెకు దిగులు ఉన్నా లేకున్నా తల ఒక ప్రత్యేకమైన భంగిమలోకి వెళ్లిన ప్రతిసారీ వస్తుంది.

చెవి లోపలి సున్నపు రవ్వలు

అమ్మకు వచ్చినదాని పేరు బినైన్ పెరాక్సిస్మల్ పొజిషనల్ వర్టిగో, క్లుప్తంగా బీపీపీవీ. వర్టిగోలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. లోపలి చెవిలో ఒక సంచి లాంటి భాగంలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రవ్వలు అంటుకుని ఉంటాయి. అవి సున్నపురాయి జాతివే, కంటికి కనిపించనంత చిన్నవి. తల ఎటు వంగిందో మెదడుకు చెప్పడంలో వాటి బరువే పనికొస్తుంది. వయసు వల్లో, తలకు దెబ్బ తగలడం వల్లో కొన్ని రవ్వలు ఊడి, పక్కనే ఉన్న అర్ధచంద్రాకార గొట్టంలోకి జారతాయి. ఆ గొట్టం నిండా ద్రవం ఉంటుంది. మీరు ఒత్తిగిల్లినప్పుడు రవ్వలు కిందికి జారుతూ ద్రవాన్ని తోస్తాయి. తల ఆగినా ద్రవం కదులుతూనే ఉంటుంది కాబట్టి ‘తల తిరుగుతోంది’ అని ఆ చెవి మెదడుకు తప్పుడు కబురు పంపుతుంది.

రవ్వలు కదలడం మొదలవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకే ఒత్తిగిల్లిన వెంటనే కాకుండా రెండు మూడు సెకన్ల తర్వాత తిరుగుడు మొదలైంది. రవ్వలు అడుగుకు చేరగానే ఆగిపోతాయి. అందుకే సాధారణంగా నిమిషం లోపే అయిపోతుంది. వికారం, తల దిమ్ము మాత్రం గంటల తరబడి ఉండొచ్చు. అందువల్ల ‘పొద్దంతా తిరిగింది’ అని చెప్పేవాళ్లను ‘గిర్రున తిరిగింది ఎంతసేపు?’ అని విడిగా అడగాలి.

బీపీపీవీ యాభై దాటినవాళ్లలో, ఆడవాళ్లలో ఎక్కువ. కుర్రవాళ్లలో వస్తే తలకు తగిలిన దెబ్బ ఏమైనా ఉందేమో గుర్తుచేసుకోండి. రాజీవ్ రహదారి మీద బైక్ జారి పడటం, పనిలో హెల్మెట్ మీద ఏదైనా బలంగా తగలడం లాంటివి. దెబ్బ తగిలిన కొన్ని రోజులకు మొదలైనా దీనికి ముడి ఉండొచ్చు.

ఇక్కడ ఒక మంచి ఆనవాలు ఉంది. పడుకున్న చోటనే అటు నుంచి ఇటు దొర్లితే తిరుగుతోందా, లేక లేచి నిలబడితేనే తిరుగుతోందా? దొర్లినప్పుడు బీపీ పడిపోదు. కాబట్టి దొర్లితే వచ్చేది దాదాపు చెవి పనే. లేచి నిలబడ్డప్పుడు మాత్రమే కళ్లు చీకట్లు కమ్మితే అది బీపీ పడిపోవడం కావచ్చు, రక్తం తక్కువై ఉండొచ్చు, ఒంట్లో నీళ్లు తగ్గి ఉండొచ్చు. మే నెలలో ఓపెన్‌కాస్టు ఎండలో పనిచేసి వచ్చినవాడికి, ఏమీ తినకుండా నైట్ షిఫ్టు చేసినవాడికి ఇది మామూలే. దీనికి గుబులుతోనూ పనిలేదు, చెవితోనూ పనిలేదు.

గుబులు తలను ఎలా తేలుస్తుంది

ఇక కొడుకు సంగతి. ‘అంతా నీ భ్రమ’ అనడం తప్పు. అతడి ఒంట్లో నిజంగానే ఒక మార్పు జరుగుతోంది. భయపడినప్పుడు మనకు తెలియకుండానే శ్వాస వేగం పెరుగుతుంది. ఒళ్లు పని చేయకుండా శ్వాస మాత్రం పెరిగితే రక్తంలో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ కూడా బయటికి పోతుంది. అది తగ్గితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త సన్నబడతాయి. తల తేలడం, చూపు మసకబారడం, మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి అన్నీ దాని నుంచే. ఛాతీ బిగిసినట్టవుతుంది. గాలి చాలట్లేదనిపించి ఇంకా గట్టిగా పీలుస్తారు. దాంతో పరిస్థితి ఇంకా ముదురుతుంది. మాటిమాటికీ నిట్టూర్పులు, ఆవలింతలు వస్తుంటే అది కూడా ఒక గుర్తు.

ఇలాంటి దాడి సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగుతుంది. అమ్మకు వచ్చినట్టు అర నిమిషంలో ఠక్కున ఆగదు. ఇంకో తేడా నడకలో కనిపిస్తుంది. గుబులు ఉన్నవాడికి ‘పడిపోతాను, పడిపోతాను’ అని ప్రతి అడుగులో అనిపిస్తుంది గానీ పడటం అరుదు. ఎవరైనా మాటల్లో పెడితే, లేదా వంద నుంచి ఏడేడు తీసేస్తూ లెక్కపెట్టమంటే నడక చక్కబడుతుంది. చెవి దెబ్బతిన్నవాడి నడక మాటల్లో పెట్టినంత మాత్రాన బాగుపడదు. చీకట్లో ఇంకా చెడుతుంది, ఒకే పక్కకు లాగుతుంది. చీకట్లో మన తూకాన్ని కాపాడేది చెవి, పాదాల స్పర్శే. కంటి సాయం ఉండదు. క్యాప్‌ల్యాంపు వెలుగులో ఎగుడుదిగుడు నేల మీద నడవాల్సిన మీకు ఈ తేడా ముందే తెలిసుండటం మంచిది.

దాడి వచ్చినప్పుడు ఒకటి చేసి చూడండి. కూర్చోండి. నోరు మూసి ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చండి, ఆరు అంకెలంతసేపు వదలండి. ఐదు నిమిషాలు ఇలాగే చేయండి. తిమ్మిరి, తేలడం దిగిపోతే అది శ్వాసతో ముడిపడినదని ఒక ఆధారం దొరికినట్టు. ఆధారమే, రుజువు కాదు. సినిమాల్లో చూపించినట్టు పేపర్ కవరులో ఊదడం మాత్రం వద్దు. ఆస్తమా గానీ గుండె జబ్బు గానీ ఉంటే ప్రమాదం.

మరో ఆనవాలు మీ జేబులోనే ఉంది. గిర్రున తిరుగుతున్నప్పుడు కళ్లు తెరిపించి, ఫోన్‌తో దగ్గరగా వీడియో తీయించండి. బీపీపీవీ ఉన్నవాళ్ల కనుగుడ్లు ఆ అర నిమిషం లయగా ఒకవైపు కొట్టుకుంటాయి, మెల్లగా జారి చటుక్కున వెనక్కి వస్తుంటాయి. గుబులుతో కళ్లు ఇలా కొట్టుకోవు. కొడుకు తీసిన పదిహేను సెకన్ల వీడియో చూడగానే డాక్టరు సగం నిర్ధారణకు వచ్చేశారు. వీడియోలో కనిపించనంత మాత్రాన చెవి జబ్బు లేదని కాదు, అది గుర్తుంచుకోండి.

రెండూ కలిసినప్పుడు

ఇంతవరకు విన్నదాన్ని బట్టి ఇద్దరినీ రెండు గదుల్లో పెట్టేయొచ్చు అనిపిస్తుంది. నిజానికి అంత శుభ్రంగా ఉండదు. గది ఒకసారి గిర్రున తిరిగినవాడు మళ్లీ తిరుగుతుందేమోనని వణికిపోతాడు. మెడ బిగబట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తాడు. చెవి బాగుపడి నెలలైనా తూలుడు మిగిలిపోతుంది. నిలబడితే, నడిస్తే, జనంలోకి వెళితే, ఫోన్‌లో రీల్స్ వేగంగా జరుపుతుంటే ఎక్కువవుతుంది. పడుకుంటే హాయిగా ఉంటుంది. ఇలా మూడు నెలలు, అంతకుమించి చాలా రోజుల పాటు ఉంటే దానికి పీపీపీడీ అని పేరుంది. దాని లక్షణాలేమిటో 2017లో బరానీ సొసైటీ ఖరారు చేసింది. చెవి పనితీరు మీద పరిశోధనకు 1914లో నోబెల్ అందుకున్న రాబర్ట్ బరానీ పేరు మీద ఏర్పడిన వైద్యుల సంఘం అది. దీనికి చికిత్స ఉంది. తూకం అలవాటు చేసే వ్యాయామాలు, కౌన్సెలింగ్, అవసరమైతే మందులు ఇస్తారు. ‘టెన్షన్’ అని వదిలేసినా, చెవి మాత్రలు ఏళ్ల తరబడి మింగినా తగ్గదు.

కుర్రవాళ్లలో ఎక్కువగా తప్పిపోయే ఇంకో కారణం మైగ్రేన్. తిరుగుడుతో పాటు గానీ, వేరే రోజుల్లో గానీ ఒక పక్క తలనొప్పి, వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఇది కొద్ది నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఎంతసేపైనా ఉండొచ్చు.

గనిలో ఇంకో కారణం

భూగర్భ గనిలో పనిచేసేవాళ్లు గుబులు, చెవి రెండింటికన్నా ముందు ఆలోచించాల్సింది గాలి గురించి. వదిలేసిన పాత చోట్లలో బొగ్గు తనంతట తానే వేడెక్కి కార్బన్ మోనాక్సైడ్ పుట్టొచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరుగుడు, వికారం దాని మొదటి గుర్తులు. అదే చోట ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా అనిపిస్తే ‘భయపడుతున్నామేమో’ అనుకోకండి. వెంటనే సర్దార్‌కు చెప్పి మంచి గాలి వచ్చే దారిలోకి రండి. శిక్షణలో సెల్ఫ్ రెస్క్యూయర్ గురించి నేర్పింది ఇలాంటప్పటి కోసమే. పైకి వచ్చాక వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో 98 చూపించినా నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్నదిగానే చూపిస్తుంది. గనిలో ఉండగా వచ్చిందని డాక్టరుకు చెప్పండి.

ఎక్కడున్నా సరే, కొన్ని గుర్తులు కనిపిస్తే ఆనవాళ్లు వెతుక్కుంటూ కూర్చోకూడదు. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, ఎవరూ పట్టుకోకుండా నిలబడలేకపోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, ఛాతీ నొప్పి, సోయి తప్పడం, ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోవడం. ఇంకా, ఆగకుండా గంటల తరబడి గిర్రున తిరగడం. ఇవి 26 ఏళ్లవాడికైనా 108కి ఫోన్ చేయాల్సిన సందర్భాలే.

ఆసుపత్రిలో ఏం జరిగింది

తల్లీకొడుకులిద్దరూ నోట్‌బుక్ పట్టుకుని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరు తల్లిని బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడివైపు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టారు. తల బల్ల అంచు నుంచి కాస్త కిందికి వేలాడింది. దీన్ని డిక్స్-హాల్‌పైక్ పరీక్ష అంటారు. 1952లో లండన్ వైద్యులిద్దరు రాసి పెట్టిన పద్ధతి. మూడు సెకన్లలో ఆమె కళ్లు కొట్టుకోవడం మొదలైంది. “సారూ, మళ్లొచ్చింది!” అని ఆమె డాక్టరు చేయి గట్టిగా పట్టుకుంది. “వచ్చిందే మంచిదమ్మా, ఎటుపక్కో తెలిసింది” అన్నారాయన.

చికిత్స కూడా అదే బల్ల మీద జరిగింది. అదే భంగిమలో ఉంచి, తర్వాత తల ఎడమకు తిప్పి, ఆపై ఒళ్లంతా ఎడమకు దొర్లించి ముఖం నేల వైపు ఉండేలా చేసి, చివరికి లేపి కూర్చోబెట్టారు. ఒక్కో భంగిమలో అర నిమిషం నుంచి నిమిషం. రవ్వలను గొట్టంలోంచి దొర్లించి వాటి సొంత సంచిలోకి చేర్చే ఈ పద్ధతిని అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించారు. చాలామందికి ఒకటి రెండు సార్లతో తగ్గిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ రావచ్చు, వస్తే మళ్లీ చేస్తారు. మొదటిసారి మాత్రం వీడియో చూసి ఇంట్లో చేయకండి. పక్క తప్పితే ఫలితం ఉండదు, మెడ సమస్యలున్నవాళ్లకు హాని కూడా. ‘ఎన్నాళ్లు మాత్రలు వాడాలి సారూ?’ అంటే వికారానికి రెండు రోజులు చాలన్నారు. తిరుగుడు ఆపే మాత్రలు రవ్వలను కదిలించలేవు. ఎక్కువ రోజులు వాడితే మెదడు తనంతట తాను సర్దుకోవడాన్ని కూడా వెనక్కి లాగుతాయి.

కొడుకు చెవులు, కళ్ల కదలికలు, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ, హిమోగ్లోబిన్ చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. “ఏం దాచకుండా చెప్పు బాబూ, దేనికి భయం?” అని అడిగారు. “పరీక్షల కళ్లు తిరుగుతాయని చెప్తే అన్‌ఫిట్ రాస్తారేమో సార్. చెప్పకపోతే బాయిల పడిపోతనేమో” అన్నాడు.

ఈ రెండో భయానికి జవాబు అతడి నోట్‌బుక్‌లోనే ఉంది. ఆ వారంలో ‘పడిపోతా’ అనుకున్నాడు గానీ, ఒక్కసారీ పడలేదు. మొదటి భయం విషయంలో తెలుసుకోవాల్సింది ఇది. గనిలో చేరేముందు వైద్య పరీక్ష ఉంటుంది, ఆ తర్వాత కూడా నిర్ణీత కాలానికోసారి మళ్లీ ఉంటుంది. అందులో చెవులు, నరాలు కూడా చూస్తారు. నిర్ణయం పరీక్షించే డాక్టరుది. దాచిపెట్టి లోపలికి వెళితే ఒక రోజు యంత్రం పక్కన, మీతో పాటు పక్కవాడికీ ప్రమాదం. ముందే చూపించుకుని, ఏమిటో తేల్చుకున్న కాగితం చేతిలో ఉంటే ‘ఎప్పుడో కళ్లు తిరిగాయి’ అన్న మాటకు అర్థం ఉంటుంది.

డాక్టరు అతడికి మాత్రలేవీ రాయలేదు. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు ఆ నాలుగు-ఆరు శ్వాస, ఖాళీ కడుపుతో టీలు తగ్గించడం, వెళ్లడం మానేసిన బట్టల షాపుకు వారానికి రెండుసార్లు కావాలని వెళ్లి తల తేలుతున్నా పది నిమిషాలు నిలబడటం. ఇది చేసి మూడు వారాల తర్వాత రమ్మన్నారు. అప్పటికీ తగ్గకపోతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తానన్నారు. రాత్రిళ్లు మరీ గుబులుగా ఉంటే 14416కు ఫోన్ చేయమన్నారు. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బయటికొచ్చాక తల్లి నోట్‌బుక్ అడిగి తీసుకుంది. తన పేజీ కింద ఆ రాత్రి కుడివైపు తిరిగి పడుకుని చూసి రాయిస్తానంది.